ఆ రాత్రి వాళ్ళమ్మ ఏం తింది?

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. తొమ్మిదేళ్ళుగా డాలస్‌లో ఉంటున్నాను. అమ్మకి కంటి ఆపరేషనని రెండు నెలలు సెలవు పెట్టి వచ్చాను. వస్తూ కొల్మ్ టోబీన్ రాసిన 'బ్రూక్లిన్' నవల తెచ్చుకున్నాను. ఐర్లండు నుంచి అమెరికాలోని బ్రూక్లిన్‌కి ఉద్యోగానికి వెళ్ళిన ఐలిష్‌కి ఇంటి నుంచి ఉత్తరాలొచ్చే చోట పుస్తకం మూసేసి ఏడ్చాను. అదంతా నేనే. కానీ ఆమె సొంత ఊరికొచ్చి చేసిన పనులు చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఎలాగో పూర్తి చేశాను. మళ్ళీ చదవాలనీ ఉంది, భయంగానూ ఉంది. "ఏడిపించే పుస్తకం ఎందుకే" అంటోంది మా వదిన. నేను నవల చదివానా, నన్ను నేను చదువుకున్నానా?

జవాబు: మళ్ళీ చదవండమ్మా. అయితే ఈసారి మొదటి పేజీ నుంచి వద్దు. మీరు ఏడ్చిన ఆ ఉత్తరాల ఘట్టం దగ్గరే మొదలుపెట్టండి.

దానికి ముందు ఒక చిన్న పని చెయ్యండి. పుస్తకం తెరవకుండా, ఐలిష్‌కి ఆ రోజు ఎవరెవరి దగ్గర్నుంచి ఉత్తరాలొచ్చాయో, వాటిల్లో ఏముందో ఒక కాగితం మీద రాయండి. రాయలేకపోయారనుకోండి, ఆ పేజీ దగ్గర మీరు చదవడం ఆపేసి గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారన్నమాట. తప్పేం లేదు. నేనూ అదే చేశాను. మస్కట్‌లో పదకొండేళ్ళుండి వచ్చినదాన్ని. ఈ నవల అచ్చయింది 2009లో, నా చేతికొచ్చేసరికి నేను తిరిగొచ్చి పదేళ్ళు దాటింది. అయినా ఆ ఘట్టం చదువుతుంటే కళ్ళ ముందు ఐర్లండు లేదు, బ్రూక్లిన్ లేదు. మస్కట్‌లో మా వంటగది కిటికీ, దాని అవతల చెట్టన్నది లేని గోధుమరంగు కొండ, అంతే. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. తీరా చూస్తే ఆ ఉత్తరాల్లో ఏముందో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

మళ్ళీ వెళ్ళి చూశాను. వాళ్ళమ్మ, అక్క రోజ్, ఇంగ్లండులో ఉన్న అన్న జాక్, ఈ ముగ్గురి దగ్గర్నుంచీ వచ్చాయి ఉత్తరాలు. వాటిల్లో గుండె పగిలే మాట ఏదీ లేదు. మామూలు కబుర్లు. మన ఇళ్ళల్లో "కాలవలు వదిలారు, ఆకుమడికి దుక్కి చేస్తున్నారు, పక్కింటి వాళ్ళ ఆవు ఈనింది" అని రాసేవాళ్ళే, అలాంటివి. ఇంకో సంగతి చూడండి. ఐలిష్ ఓడ దిగిన రోజున బెంగ పెట్టుకోలేదు. కొత్త ఊరు, కొత్త కొట్టులో ఉద్యోగం, కొత్త ఇంటావిడ, ఈ హడావిడిలో కొన్ని వారాలు గడిచిపోయాయి. ఇల్లు ఎక్కడికీ పోలేదని, తను లేకపోయినా అక్కడ అన్నీ యథాప్రకారం జరుగుతున్నాయని ఉత్తరాలు చదివాకే తెలిసింది. అప్పుడు కూలింది.

కూలినప్పుడు ఆమెకు కావలసి వచ్చింది ఏమిటో కూడా జాగ్రత్తగా చదవండి. తిండి కాదు, వాన కాదు. ఈ గదిలో నేనెవరినీ కాను అనుకుంటుంది. దయ్యంలా ఉన్నాను అనుకుంటుంది. ఊళ్ళో ఫ్రైయరీ స్ట్రీట్‌లో వాళ్ళ ఇల్లుంది. ఆ ఇంట్లో తిరిగితే తను నిజంగా అక్కడ ఉన్నట్టు. ఆ వీధిలో నడిస్తే, నడిచే మనిషి ఎవరో ఆ వీధికి తెలుసు. ఇక్కడి గదిలోని మంచం, బట్టలు, కింద వీధి, వేటికీ ఆమెతో సంబంధం లేదు.

మన భాషలో 'బెంగ' అని మంచి మాట ఉంది. పిల్లాడు అమ్మమ్మ మీద బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాడంటాం. మన బెంగ ఎప్పుడూ ఒకరి మీదో, ఒక దాని మీదో ఉంటుంది. అందుకే మనవాళ్ళు దూరదేశంలో ఉన్నప్పుడు పనసపొట్టు కూర అనో, పులస అనో, తంపటేసిన తేగలు అనో పేరు పెట్టి బెంగ పడతారు. ఐలిష్ బెంగకి అలా పేరు పెట్టడానికి లేదు. పులస దొరికితే తీరేది కాదది. డాలస్‌లో ఇప్పుడు గోంగూర దగ్గర్నుంచి పూతరేకుల దాకా అన్నీ దొరుకుతాయంటారు కదా. అన్నీ దొరికిన రోజున కూడా మీకు ఎలా ఉండేదో ఆ పేజీ పక్కన పెట్టి చూసుకోండి. మీకూ ఆమెకూ నిజంగా కలిసేది అక్కడేనని నా అనుమానం.

కలవని చోట్లు కూడా చూడాలమ్మా. "అదంతా నేనే" అన్నారు. ఐలిష్ పనిచేసే బార్టోచీ కొట్టుకి నల్లజాతి స్త్రీలు రావడం మొదలవుతుంది. వాళ్ళ ఒంటి రంగుకి సరిపోయే మేజోళ్ళు కొత్తగా తెప్పించి, వాటిని అమ్మే పని ఐలిష్‌కి అప్పజెబుతారు. బేరానికొచ్చిన ఆ ఆడవాళ్ళు చక్కగా ముస్తాబై వస్తారు. కొట్టులో మిగతావాళ్ళు పని చేసుకుంటున్నట్టే ఉండి ఓరగా చూస్తుంటారు. ఐలిష్ అద్దెకున్న ఇంట్లో భోజనాల దగ్గర తోటి అమ్మాయిలు ఆ విషయం తెలిసి మొహం చిట్లిస్తారు. చిన్న ఘట్టం, ఎవరూ దీని గురించి మాట్లాడరు. కానీ అక్కడ మీరు ఎవరు? బల్లకి ఏ వైపు నిలబడ్డారు? నేను మొదటిసారి ఐలిష్ వైపే నిలబడి చదివేశాను. రెండోసారి చదువుతుంటే, మస్కట్‌లో ఒక బట్టల కొట్టులో నన్ను చూసి ముందు ధర చెప్పి తరవాత గుడ్డ చూపించిన సంగతి గుర్తొచ్చింది. నేను బల్లకి ఇవతల నిలబడ్డదాన్నని అప్పుడు తట్టింది.

ఐలిష్ దిగిన బ్రూక్లిన్‌లో ఆమె చర్చి ఉంది, ఆమె ఊరి యాస తెలిసిన ఇంటావిడ ఉంది, ఆమెకు ఉద్యోగం, రాత్రిబడి అన్నీ కుదిర్చిన ఫాదర్ ఫ్లడ్ ఉన్నాడు. ఇంటి మీద బెంగ అందరికీ ఉంటుంది, పోతుంది అని ఆయన తేలిగ్గానే చెప్పి, బ్రూక్లిన్ కాలేజీలో సాయంత్రం పూట లెక్కలు రాసే చదువులో చేర్పిస్తాడు. అది పనిచేస్తుంది కూడా. మనలో ఎంతమందికి అలాంటివాడు దొరికాడు? కువైట్‌కో మస్కట్‌కో ఇళ్ళల్లో పనికి వెళ్ళిన మన కోనసీమ ఆడవాళ్ళకి ఎవరు దొరికారు? అలాంటి తేడా కనిపించినచోటల్లా పక్కన పెన్సిలుతో ఒక చిన్న గీత పెట్టండి. మీ కళ్ళల్లో నీళ్ళు తిరిగిన చోట పెట్టకండి, అవి మీకు ఎలాగూ గుర్తుంటాయి.

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు సంగతికి వస్తాను. వెళ్ళినవాళ్ళం ఇలాంటి పుస్తకం పట్టుకుంటే వెళ్ళిన మనిషినే చదువుతాం. ఉండిపోయినవాళ్ళు మనకి కనబడరు. ఈ నవలలో సగం కథ వాళ్ళదే, అది మాటల్లో లేదు. టోబీన్ పుట్టింది ఐలిష్ ఊరైన ఎన్నిస్కార్తీలోనే. ఆ ఊళ్ళో మనుషులు ఏది చెప్పకుండా ఊరుకుంటారో ఆయనకి బాగా తెలుసు. కథ అంతా ఐలిష్ కళ్ళతోనే నడుస్తుంది కాబట్టి తల్లి మనసులో ఏముందో ఒక్కచోట కూడా నేరుగా రాయడు. మనమే పట్టుకోవాలి.

మొదటి భాగంలో ఒకచోట పట్టుబడుతుంది. ఐలిష్ ప్రయాణం ఖాయమయ్యాక, అమ్మాయి వెళ్ళిపోతే నీకెలా ఉంటుందని ఎవరో పక్కింటావిడ మామూలుగా అడుగుతుంది. ఇది వెళ్ళిన రోజున నా ప్రాణం పోతుంది అన్న అర్థం వచ్చే మాట ఆ తల్లి నోటి నుంచి జారుతుంది. ఆ తరవాత తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసు రాదు. ఐలిష్‌కీ వెళ్ళాలని లేదు, అక్క వెళ్తే బాగుండునని ఉంది. కానీ వాళ్ళకి ఆ సంగతి తెలియనివ్వకూడదని నవ్వుతూ పెట్టె సర్దుకుంటుంది. అలా ఇటు నుంచీ దాపరికం, అటు నుంచీ దాపరికం. తరవాత రోజ్ నిద్రలోనే చనిపోతుంది. తన గుండె బాగాలేదని ఆమెకు ముందే తెలుసనీ, ఇంట్లో ఎవరికీ చెప్పలేదనీ అప్పుడు బయటపడుతుంది. అంటే ఐలిష్‌ని ఏడిపించిన ఆ ఉత్తరాల్లో ఒకటి, విషయం దాచిన మనిషి రాసినది. ఈ సంగతి తెలిశాక ఆ ఘట్టం మళ్ళీ చదవండి. కాగితం అదే, కబుర్లు అవే, కానీ అటువైపు కూర్చుని రాస్తున్న చెయ్యి కనబడుతుంది.

నాకు ఇది ఎందుకు ఇంతగా పట్టిందో చెబుతాను. 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమ మీద పడ్డ తుపాను మీకు చిన్నతనంలో చూసిన గుర్తుండే ఉంటుంది. నేనప్పుడు మస్కట్‌లో ఉన్నాను. ఫోన్లు కలవలేదు. మూడు వారాలకి నాన్న ఉత్తరం వచ్చింది. "గాలివాన గట్టిగానే వచ్చింది. మేమంతా కులాసా. కొబ్బరికి కొద్దిగా దెబ్బ తగిలింది. నువ్వేం కంగారుపడకు" అని. కులాసా అన్నారు కదా అని ఆ ఉత్తరాన్ని మడిచి తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. నేను కూడా ఆ నెలలోనే ఆయనకి "ఇక్కడ అంతా బాగుంది" అని రాశాను. మా ఆయనకి నాలుగు నెలలుగా జీతం రావడం లేదు.

మళ్ళీ జూలైలో వచ్చాను. ఇంట్లోకి అడుగుపెట్టి, చేతిసంచి కింద పెట్టి, కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాను. పెరట్లో ఎండ ఉంది. మా పెరట్లో ఎండ ఉండటం నేను పుట్టాక చూడలేదు. నూతి పళ్ళెం మీద, బట్టలుతికే రాయి మీద, దొడ్డిగోడ మీద, అంతటా ఎండే. తలెత్తితే ఎక్కడ చూసినా ఆకాశం. డెబ్భై చెట్లలో తొమ్మిది మిగిలాయి. మిగతావన్నీ ఒకేవైపు తలపెట్టి పడిపోయాయట, కొట్టించి ఎత్తించేశారు. మోళ్ళు మాత్రం వరుసల్లో ఉన్నాయి. కొద్దిగా దెబ్బ అంటే అదీ. నాన్న నా వెనకాల నిలబడి "కాఫీ తాగుదువుగాని రా" అన్నారు. అంతకుమించి ఆయనా ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

కాబట్టి రోజ్ ఉత్తరాన్ని నేను ఇక ఉత్త కబుర్ల ఉత్తరంగా చదవలేను. మా నాయనమ్మ తరంలో రంగూన్‌ని 'రంగం' అనేవాళ్ళు. కోరంగి రేవులో ఓడెక్కి రంగం పోయిన మనవాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళంటే, బర్మాలో తెలుగువాళ్ళ పేరే కోరంగీలు అయిపోయింది. వాళ్ళకీ ఇంట్లోవాళ్ళకీ మధ్య నడిచినవి కూడా ఇలాంటి కులాసా ఉత్తరాలే అయివుంటాయనిపిస్తుంది. మీకిప్పుడు వీడియో కాల్ ఉంది. కానీ ఫోను అమ్మ మొహం వరకే చూపిస్తుంది. ఆవిడ కన్ను మసకబారుతోందని మీకు ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు? నేను అడగకూడదు గానీ, ఈ నవల మాత్రం మిమ్మల్ని అడుగుతుంది.

ఒళ్ళు మండిన భాగం గురించి. అక్క పోయాక ఐలిష్ కొన్ని వారాలకని ఊరికొస్తుంది. బయల్దేరే ముందు బ్రూక్లిన్‌లో తను ఇష్టపడ్డ టోనీని ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకుని వస్తుంది. ఊళ్ళో ఆ మాట ఎత్తదు. రోజ్ చేసిన ఆఫీసులో కొన్నాళ్ళు పని దొరుకుతుంది. ఇంతకుముందు కన్నెత్తి చూడని జిమ్ ఫారెల్ ఇప్పుడు వెంటపడతాడు. అమెరికా బట్టలు, అమెరికా నడక చూసి ఊరంతా మెచ్చుకుంటుంది. టోనీకి జవాబు రాయడం మాత్రం ఇవాళ రేపు అని జరుగుతుంటుంది.

మీరు దీన్ని మోసం అనుకున్నారు. మోసమే, కాదనను. టోనీకీ జిమ్‌కీ ఇద్దరికీ అన్యాయం జరిగింది. కానీ ఉత్తరాల ఘట్టాన్ని దీని పక్కన పెట్టి చదవండి. అక్కడ ఊరు నిజం, బ్రూక్లిన్ గది దయ్యాల కొంప. ఇక్కడ తిరగబడింది. ఊళ్ళో పది రోజులుండేసరికి బ్రూక్లిన్, టోనీ అన్నీ కలలో జరిగినట్టయిపోయాయి. తను ఇద్దరు మనుషులైపోయానని ఐలిష్‌కే అనిపిస్తుంది. మీరు ఏడ్చిన పేజీలో పనిచేసిన రోగమే ఇక్కడా పనిచేస్తోంది. ఎక్కడుంటే అదే నిజం, రెండోది పలచబడిపోతుంది. మొదటి చోట అది మనకి బాధ పెట్టింది కాబట్టి జాలిపడ్డాం, రెండో చోట ఇంకొకళ్ళకి బాధ పెట్టింది కాబట్టి కోపమొచ్చింది.

నేను మస్కట్ నుంచి సెలవుకి వచ్చినప్పుడు రెండో వారానికల్లా అక్కడి ఇంటి తాళం ఏ సంచిలో పెట్టానో మర్చిపోయేదాన్ని. మా ఆయన ఫోన్ చేస్తే, ఎందుకు చేశాడా అన్నట్టు మాట్లాడేదాన్నట. ఆయన చాలా ఏళ్ళ తరవాత చెప్పారు. మీరు వచ్చి ఎన్ని వారాలైందో రాయలేదు. ఐలిష్ మీద వచ్చిన కోపంలో కొంతైనా ఎక్కడిదో ఒకసారి చూసుకోండి. ఒక్క జాగ్రత్త: ఆమెను క్షమించాలని చదవకండి. టోబీన్ ఆమె తరఫున వాదించడు. ఆమె చేసినదాన్ని, చెయ్యకుండా ఊరుకున్నదాన్ని వరసగా చెబుతూ పోతాడు, అంతే. చిన్న చిన్న సాదా వాక్యాలు. ఆయన తీర్పు చెప్పని చోట మనమూ కాసేపు ఆగితే ఇంకొన్ని సంగతులు కనబడతాయి.

ఆ భాగంలోనే తల్లిని చూడండి. కూతురు అమెరికా నుంచి వచ్చింది, ఆవిడ అమెరికా గురించి ఒక్క ప్రశ్న వెయ్యదు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఆవిడ మొండి మనిషిలా తోచింది. అడిగితే ఏమవుతుంది? అడిగితే అమెరికా ఉన్నట్టే. ఉంటే ఈ పిల్ల తిరిగి వెళ్ళాలి. తీరా ఐలిష్ తన పెళ్ళి సంగతి బయటపెట్టినప్పుడు ఆ తల్లి అరవదు, ఏడవదు. పొద్దున్నే బయల్దేరాలంటే, వీడ్కోలేదో ఒక్కసారే, ఇప్పుడే చెప్పేసుకుందామని చెప్పి, పెందరాళే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. పొద్దున ఆవిడ బయటికి రాదు.

ఈ చివరి పేజీలు నేను మా అమ్మకి చదివి వినిపించాను. చదవడమంటే, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోవడమే. వీధరుగు మీద కూర్చుని రోజుకి పది పదిహేను పేజీలు. అమ్మ ఆరో తరగతి వరకే చదివింది, ఐర్లండు ఎక్కడుందో తెలీదు. మేజోళ్ళ కొట్టూ నాట్యాల హాలూ వచ్చినప్పుడు పెద్దగా పట్టించుకోకుండా చింతపండు పిక్కలు తీసుకునేది. తల్లి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్న చోట చెయ్యి ఆపింది.

"ఆ రాత్రి ఆవిడేం తింది?" అంది.

పుస్తకంలో రాయలేదన్నాను.

"తిని ఉండదు. ఆ పిల్ల కూడా తిన్నావా అని అడిగి ఉండదు" అంది. కాసేపాగి, "నువ్వెళ్ళినప్పుడల్లా నేను రేవుకి ఎందుకు రాలేదనుకున్నావు?" అని అడిగింది.

మాది సఖినేటిపల్లి వైపు. నేను వెళ్ళేటప్పుడల్లా నాన్న, తమ్ముడు రేవు దాకా వచ్చి, పంటు మీద అవతల నరసాపురం ఒడ్డుకి దాటించి రైలెక్కించేవాళ్ళు. అమ్మ రాదు. సరిగ్గా ఆ వేళకే పెరట్లో ఏదో పని పెట్టుకునేది. తేగల పాతర తవ్వడమో, పిడకలు తిరగెయ్యడమో. "చేతులు బాగోలేవు, నువ్వెళ్ళిరా" అని అక్కణ్ణించే కేకేసేది. పదకొండేళ్ళూ నేను దాన్ని పని తొందరే అనుకున్నాను. కొంచెం నొచ్చుకున్నాను కూడా.

"ఆవిడకి గది ఉంది, తలుపేసుకుంది. నాకు పెరడుంది" అంది అమ్మ. చింతపండు పళ్ళెం దగ్గరికి లాక్కుని, "తరవాతేమైంది చదువు" అంది.

మీ అమ్మగారికి ఇప్పుడు చదవడం కుదరదు, వినడం కుదురుతుంది కదా. కట్టు విప్పేదాకా ఆవిడకి పొద్దు గడవటం కూడా కష్టమే. మీ సెలవులో మిగిలిన రోజుల్లో ఆ నాలుగో భాగం ఆవిడకి తెలుగులో చెప్పండి. అంతకుముందు కథ ఒక సాయంత్రంలో క్లుప్తంగా చెప్పేస్తే చాలు. మీరు గొంతు పూడుకుపోయి ఆగిన చోట్లు సరే, ఆవిడ ఆపి ప్రశ్న వేసిన చోట్లు చూసుకోండి. ఆ ప్రశ్నల్ని పేజీ అంచున ఆవిడ మాటల్లోనే రాసుకోండి. డాలస్ వెళ్ళాక ఆ పుస్తకం తెరిస్తే, ముందు అవే చదవండి.